వరుస తప్పిన ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

పరీక్ష ముగిసిన తర్వాత ఇన్విజిలేటర్ సమాధాన పత్రాలన్నీ తీసుకుని, హాల్ టికెట్ నంబర్ల వరుసలో పేర్చి, ఆఫీసు గదిలో అప్పజెప్పాలి. పది పత్రాలున్న చిన్న కట్ట ఒకటి తీసుకుందాం. పైనుంచి కిందికి చూస్తే నంబర్ల చివరి మూడంకెలు ఇలా ఉన్నాయి:

103, 107, 112, 119, 125, 131, 116, 128, 140, 145

వరుస ఎక్కడో తప్పిందని చూడగానే తెలుస్తోంది. మొత్తం కట్ట విప్పి మొదటినుంచీ పేర్చుకోవచ్చు. కానీ ఎక్కువ భాగం సరిగ్గానే ఉన్నప్పుడు అంత శ్రమ ఎందుకు? అందుకని ఒక షరతు పెట్టుకుందాం. కట్ట మధ్యలోంచి ఒకే ఒక ముక్కను, అంటే ఒకదాని వెంట ఒకటిగా ఉన్న కొన్ని పత్రాలను మాత్రమే పైకి తీయాలి. వాటిని తమలో తాము వరుసగా పేర్చి మళ్లీ అదే సందులో పెట్టేయాలి. పైనున్నవాటినీ కిందున్నవాటినీ ముట్టుకోకూడదు. అంతటితో మొత్తం కట్ట వరుసకు రావాలి. అలా తీయదగ్గ ముక్కల్లో అన్నిటికంటే చిన్నది ఏది?

కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇది బాగా తెలిసిన ప్రశ్నే. పత్రాల కట్ట బదులు వాళ్లు అర్రే అంటారు. లీట్‌కోడ్ అనే సాధన వెబ్‌సైట్‌లో ఇది 581వ నంబరు లెక్క. ఉద్యోగాల ఇంటర్వ్యూల కోసం తయారయ్యేవారు దీన్ని సాధన చేసి, జవాబు గుర్తుపెట్టుకుని ముందుకు సాగిపోతుంటారు. పది పన్నెండు పంక్తుల్లో తేలిపోయే ప్రోగ్రామే కావడంతో దాని వెనకున్న కారణం మీద చాలామంది చూపు నిలవదు. నిలిపి చూడాల్సింది ఆ కారణాన్నే. వరుస తప్పడం అంటే అసలేమిటో అది చెబుతుంది.

కంటికి కనిపించే జవాబు

కట్టను పైనుంచి చూసుకుంటూ రండి. 103 నుంచి 131 దాకా నంబర్లు పెరుగుతూనే ఉన్నాయి. 131 తర్వాత ఉన్నట్టుండి 116 వచ్చింది. ఇక్కడ వరుస తెగింది. ఇప్పుడు కిందినుంచి పైకి రండి. 145, 140, 128, 116 అని తగ్గుతూ వస్తున్నాయి. 116కి పైన 131 ఉంది. వరుస తెగింది ఇక్కడే. రెండు వైపులనుంచి వచ్చినా ఒకే చోట ఆగాం. పెరగాల్సిన చోట నంబరు తగ్గింది ఈ ఒక్క చోటే.

కాబట్టి 131, 116 అనే రెండు పత్రాలను అటూ ఇటూ మారిస్తే సరిపోతుందని తోస్తుంది. మార్చి చూద్దాం:

103, 107, 112, 119, 125, 116, 131, 128, 140, 145

బాగుపడలేదు సరికదా, తెగిన చోట్లు రెండయ్యాయి. 125 తర్వాత 116 వచ్చింది, 131 తర్వాత 128 వచ్చింది. ప్రోగ్రాం రాసేవాళ్లు మొదటి ప్రయత్నంలో ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. ఎడమనుంచి మొదట తెగిన చోటు, కుడినుంచి మొదట తెగిన చోటు పట్టుకుని, ఆ మధ్యదే జవాబు అనేస్తారు. కొన్ని జాబితాల మీద ఈ పద్ధతి సరైన జవాబే ఇస్తుంది కూడా. 2, 6, 4, 8, 10, 9, 15 అనే జాబితాలో 6 నుంచి 9 దాకా ఐదు సంఖ్యలు అని సరిగ్గానే చెబుతుంది. ఈ ఒక్క ఉదాహరణ మీద సరిచూసుకుని తృప్తి పడితే పొరపాటు బయటపడదు.

వరుస తెగిన చోటుకూ వరుస తప్పిన పరిధికీ తేడా ఉంది. 116 వెళ్లాల్సింది 131కి ముందుకు మాత్రమే కాదు, 125కీ 119కీ కూడా ముందుకు. 119, 125 పక్కపక్కన చూస్తే ఏ లోపమూ లేనట్టే కనిపిస్తాయి. కానీ తర్వాతెక్కడో వచ్చే 116 కోసం అవి వెనక్కి జరగాలి. అలాగే 116, 128 పక్కపక్కన సరిగ్గానే ఉన్నాయి. కానీ 128కి ముందెక్కడో 131 కూర్చుని ఉంది. పక్కనున్నవాటినే పోల్చి చూసే కన్ను దూరాన ఉన్న ఈ తగాదాలను పసిగట్టలేదు.

తిరగబడ్డ జతలు

అందుకే ఒక్కొక్క పత్రాన్ని కాకుండా, జతలను చూడాలి. ముందున్నది పెద్దదై, తర్వాత ఎంత దూరంలోనైనా సరే దానికంటే చిన్నది ఉంటే, ఆ రెండింటినీ తిరగబడ్డ జత అందాం. గణితంలో ఈ ఆలోచన చాలా పాతది. 1750లో స్విట్జర్లాండ్ గణిత శాస్త్రజ్ఞుడు గాబ్రియెల్ క్రేమర్ సమీకరణాలు సాధించే తన పద్ధతిని వివరిస్తూ ఇలాంటి జతలను లెక్కపెట్టాడు. ఇంటర్‌లో మాత్రికలు చదివినవారు క్రేమర్ పద్ధతి అని నేర్చుకునేది ఆయన పేరు మీదిదే. నిర్ధారకంలో ఏ పదానికి ప్లస్ రావాలి, ఏ పదానికి మైనస్ రావాలి అన్నది ఈ జతల సంఖ్య సరి సంఖ్యా బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

మన కట్టలో పది పత్రాలతో మొత్తం 45 జతలు కట్టవచ్చు. వాటిలో తిరగబడ్డవి నాలుగే: 119–116, 125–116, 131–116, 131–128. ఈ నాలుగింటిలోనూ అన్నిటికంటే ముందున్న పత్రం 119, అది నాలుగో స్థానంలో ఉంది. అన్నిటికంటే చివరనున్నది 128, ఎనిమిదో స్థానంలో ఉంది. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న ఐదు పత్రాలే మనకు కావాల్సిన ముక్క. 119, 125, 131, 116, 128 తీసి 116, 119, 125, 128, 131గా పేర్చి పెడితే కట్ట మొత్తం వరుసకొస్తుంది.

ఇదే అతి చిన్నదని ఎలా నమ్మాలి? రెండు మాటల్లో తేలుతుంది. ఒక తిరగబడ్డ జతలో ముందున్న పత్రాన్ని ముక్కలోకి తీసుకోకుండా వదిలేశామనుకోండి. ఆ పత్రం ముక్కకు పైన ఉండిపోతే, ముక్కలో ఎంత సర్దినా రెండోది దానికంటే పైకి రాలేదు. అది ముక్కకు కిందే ఉంటే, రెండో పత్రం ఇంకా కింద ఉంటుంది కాబట్టి రెండూ కదలవు. ఎలా చూసినా జత తిరగబడే ఉంటుంది. రెండో పత్రాన్ని వదిలేసినా ఇదే వాదన. అంటే తిరగబడ్డ ప్రతి జతలోనూ ఇద్దరూ ముక్కలో ఉండి తీరాలి. కాబట్టి 119 నుంచి 128 దాకా ఉన్న ముక్క కంటే చిన్నది కుదరదు.

ఇంత ముక్క చాలుతుందా అన్నది రెండో మాట. ముక్కకు పైనున్న 103, 107, 112 ఏ తిరగబడ్డ జతలోనూ లేవు. అంటే వాటి తర్వాత వచ్చేదేదీ వాటికంటే చిన్నది కాదు. కిందనున్న 140, 145 కూడా అంతే, వాటికి ముందున్నదేదీ వాటికంటే పెద్దది కాదు. కనుక మధ్యలో ఉన్నవి తమలో తాము సర్దుకుంటే ఇక తగాదా మిగలదు. ఇంతకంటే చిన్నది కుదరదనీ, ఇంత చాలుననీ రెండూ తేలాయి. జవాబు ఒక్కటే, దానికి పోటీ లేదు.

జతలన్నీ చూడకుండానే

పది పత్రాలకు 45 జతలు చూడటం పెద్ద పనేమీ కాదు. పది లక్షల సంఖ్యలైతే జతలు దాదాపు 50,000 కోట్లవుతాయి. అన్ని చూడనక్కర్లేదు. మనకు కావాల్సింది తిరగబడ్డ జతల జాబితా కాదు. వాటిలో అన్నిటికంటే ముందున్న పత్రమూ, అన్నిటికంటే చివరనున్న పత్రమూ తెలిస్తే చాలు.

ఒక పత్రం ఏదో ఒక తిరగబడ్డ జతలో రెండోదా అని తెలియాలంటే, దానికి ముందు దానికంటే పెద్దది ఏదైనా ఉందేమో చూడాలి. దానికోసం ముందున్నవన్నీ తిరగేయనవసరం లేదు. ఇప్పటివరకు చూసినవాటిలో అతి పెద్దది ఏదో గుర్తుంచుకుంటే చాలు. అది ప్రస్తుత పత్రం కంటే పెద్దదైతే జత తిరగబడ్డట్టే. అదే కంటే పెద్దది కాకపోతే ఇంకేదీ కాదు. ఇలా ఎడమనుంచి కుడికి ఒకసారి నడిచి, చివరిసారి ఎక్కడ తప్పు దొరికిందో రాసుకుంటే అదే ముక్క చివర.

మన కట్టలో నడిచి చూద్దాం. 103 దగ్గర పెద్దది 103. అక్కణ్నుంచి 131 వరకు ప్రతి పత్రమూ కొత్త పెద్దదే. ఏడో స్థానంలో 116 వచ్చింది, 131 కంటే చిన్నది కాబట్టి ఏడు అని రాసుకోవాలి. ఎనిమిదో స్థానంలో 128, ఇదీ 131 కంటే చిన్నదే. ఏడు కొట్టేసి ఎనిమిది రాసుకోవాలి. 140 వచ్చింది, అదే కొత్త పెద్దది. 145 కూడా అంతే. చివరికి చేతిలో మిగిలింది ఎనిమిది.

ఇప్పుడు కుడినుంచి ఎడమకు. ఈసారి గుర్తుంచుకోవాల్సింది అతి చిన్నది. 145, 140, 128, 116 వరకు ప్రతిదీ కొత్త చిన్నదే. ఆరో స్థానంలో 131 ఉంది, 116 కంటే పెద్దది కాబట్టి ఆరు రాసుకోవాలి. 125 కూడా పెద్దదే, ఐదు. 119 కూడా పెద్దదే, నాలుగు. 112 దగ్గరకొచ్చేసరికి అది 116 కంటే చిన్నది, తప్పు లేదు. 107, 103 కూడా అంతే. మిగిలింది నాలుగు. ఎనిమిదిలోంచి నాలుగు తీసి ఒకటి కలిపితే ఐదు పత్రాలు.

రెండు నడకలు, గుర్తుంచుకోవడానికి నాలుగు విషయాలు. పది లక్షల సంఖ్యలున్నా ఒక్కోదాన్ని రెండుసార్లు చూస్తే పని అయిపోతుంది. పైథాన్ భాషలో ఇది ఇలా ఉంటుంది:

```python
def stretch(a):
    if not a:
        return 0
    left, right = -1, -2
    big, small = a[0], a[-1]
    for i in range(len(a)):
        if a[i] < big:
            right = i
        else:
            big = a[i]
    for i in range(len(a) - 1, -1, -1):
        if a[i] > small:
            left = i
        else:
            small = a[i]
    return right - left + 1
```

మొదట్లో `left`కు -1, `right`కు -2 ఎందుకిచ్చారని చదివేవారికి సందేహం రావచ్చు. జాబితా ముందే వరుసగా ఉంటే రెండు నడకల్లోనూ తప్పు దొరకదు. అప్పుడు -2లోంచి -1 తీసి ఒకటి కలిపితే సున్నా వస్తుంది. సర్దాల్సిందేమీ లేదన్న జవాబు విడిగా రాయకుండానే వచ్చేస్తుంది. ఒకవైపు తప్పు దొరికి రెండోవైపు దొరకకపోవడం జరగదు, తిరగబడ్డ జత అంటే ఇద్దరూ ఉండాల్సిందే కదా.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఇంత చిన్న ప్రోగ్రాంలోనూ రెండు చోట్ల తప్పటడుగు పడుతుంది. ఒకటి సమానమైన సంఖ్యల దగ్గర. హాల్ టికెట్ నంబర్లలో ఒకేలాంటివి రెండుండవు. మార్కుల జాబితాలో ఉంటాయి. 40, 55, 55, 60 అనే జాబితా వరుసగానే ఉంది, సర్దాల్సింది లేదు. కానీ `<` రాయాల్సిన చోట `<=`, `>` రాయాల్సిన చోట `>=` రాస్తే, రెండు 55లూ ఒకదానితో ఒకటి తగాదాలో ఉన్నట్టు లెక్కలోకొస్తాయి. జవాబు సున్నాకు బదులు రెండు అని వస్తుంది. సమానమైనవి ఏ క్రమంలో ఉన్నా తిరగబడ్డ జత కాదని మొదటే అనుకున్నాం. గుర్తులో అదనంగా చేరిన ఒక్క గీత ఆ నిర్వచనాన్నే మార్చేస్తుంది.

రెండోది మొదలుపెట్టే విలువ దగ్గర. `big`ను జాబితాలోని మొదటి సంఖ్యతో కాకుండా సున్నాతో మొదలుపెట్టేవాళ్లు చాలామంది. సంఖ్యలన్నీ ధనాత్మకమైతే ఏమీ కాదు. చలికాలపు ఉష్ణోగ్రతల్లాంటివి, -5, -3, -1 వచ్చాయనుకోండి. మూడూ సున్నా కంటే చిన్నవే కాబట్టి మూడు చోట్లా తప్పు ఉందని ఎడమ నడక అంటుంది. కుడి నడకకు తప్పేదీ దొరకదు. లెక్క కడితే మూడు సంఖ్యల జాబితాలో నాలుగు సర్దాలన్న జవాబొస్తుంది. జాబితా కంటే ముక్క పెద్దదైందంటే లోపం ఇక్కడే వెతకాలి.

ప్రోగ్రాం సరిగ్గా ఉందో లేదో చూడటానికి నేనైతే పెద్ద జాబితాలకంటే చిన్నవాటినే నమ్ముతాను. 1 నుంచి 6 దాకా సంఖ్యలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చో అన్నీ కలిపి 720. ఆరేసి స్థానాల్లో 1, 2, 3 మాత్రమే పెడితే 729 జాబితాలు. ఈ రెండో గుంపులో సమానమైనవి నిండా ఉంటాయి. అన్నిటి మీదా ప్రోగ్రాంను నడిపి, మొద్దు పద్ధతి ఇచ్చే జవాబుతో పోల్చాలి. మొద్దు పద్ధతి అంటే జాబితాకు నకలు తీసి, నకలును పూర్తిగా వరుసపెట్టి, అసలుతో పక్కపక్కన పెట్టి చూడటం. రెండూ మొదటిసారి వేరుపడిన చోటు ముక్క మొదలు, చివరిసారి వేరుపడిన చోటు ముక్క చివర. మన కట్టలో వరుసపెట్టిన నకలు నాలుగో స్థానంలో 119 బదులు 116 చూపిస్తుంది, ఎనిమిదో స్థానంలో 128 బదులు 131 చూపిస్తుంది. ఆ వెలుపల అంతా ఒకటే.

ఈ మొద్దు పద్ధతిని తక్కువ చేయనక్కర్లేదు. రాయడం సులువు, తప్పుపోవడం కష్టం. పది లక్షల సంఖ్యలను సాధారణంగా వరుసపెట్టడానికి రెండు కోట్ల దాకా పోలికలు పడతాయి, నకలుకు అదనంగా చోటు కావాలి. రెండు నడకలకు ఇరవై లక్షల పోలికలు చాలు. చిన్న జాబితాల్లో ఆ తేడా ఎవరికీ తెలియదు.

పైథాన్ లోపల ఇదే లెక్క

ఈ ఆలోచన ఇంటర్వ్యూ గదుల్లోనే కాకుండా రోజూ పనిలో ఉన్న చోటు ఒకటుంది. పైథాన్ భాషలో జాబితాను వరుసపెట్టే పద్ధతిని 2002లో టిమ్ పీటర్స్ రాశారు. ఆయన పేరు మీదే దాన్ని టిమ్‌సార్ట్ అంటారు. జావా కూడా ఏడో వెర్షన్ నుంచి వస్తువుల జాబితాలను ఈ పద్ధతిలోనే వరుసపెడుతోంది. నిజ జీవితంలో వచ్చే జాబితాలు పూర్తిగా చిందరవందరగా ఉండవు, చాలావరకు వరుసలోనే ఉండి అక్కడక్కడ తెగుతుంటాయి అన్నది దాని వెనకున్న గమనిక.

టిమ్‌సార్ట్ ముందుగా జాబితాలో ఇప్పటికే వరుసలో ఉన్న పరుగులను గుర్తిస్తుంది. మన కట్టలో అలాంటి పరుగులు రెండు. 103 నుంచి 131 దాకా ఆరు పత్రాలు ఒకటి, 116 నుంచి 145 దాకా నాలుగు పత్రాలు రెండోది. ఆ రెండింటినీ కలపాలి. కలపడం మొదలుపెట్టేముందు అది రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. రెండో పరుగులో మొదటిదైన 116 మొదటి పరుగులో ఎక్కడ చేరాలి? 112 తర్వాత. అయితే 103, 107, 112 ఇప్పటికే తమ చోట్లలో ఉన్నాయి, వాటిని ముట్టుకోనక్కర్లేదు. మొదటి పరుగులో చివరిదైన 131 రెండో పరుగులో ఎక్కడ చేరాలి? 140కి ముందు. అయితే 140, 145లను కూడా వదిలేయవచ్చు. ఇక కలపాల్సింది 119, 125, 131 ఒకవైపు, 116, 128 ఇంకోవైపు.

ఆ ఐదే మనం కనుక్కున్న ముక్క. ఇది కాకతాళీయం కాదు. రెండు పరుగుల మధ్య తిరగబడే జతల్లో ఎడమ హద్దును నిర్ణయించేది రెండో పరుగులో అతి చిన్నది, కుడి హద్దును నిర్ణయించేది మొదటి పరుగులో అతి పెద్దది. వరుసలో ఉన్న పరుగుకు అతి చిన్నది మొదట్లో, అతి పెద్దది చివర్లో ఉంటుంది కాబట్టి నడవాల్సిన పనిలేకుండానే దొరుకుతాయి. పదేసి సంఖ్యల చిన్న జాబితాకు టిమ్‌సార్ట్ ఈ కలపడం దాకా రాదు, ఒక్కొక్కదాన్నీ సరైన చోట దూర్చేస్తుంది. వేల సంఖ్యలున్న పరుగులను కలిపేటప్పుడు మాత్రం ఈ కత్తిరింపు నిజంగా పని తగ్గిస్తుంది. ముప్పై వేల పాత రికార్డుల చివర, తేదీల ప్రకారం కాస్త వెనక్కి వెళ్లే నూరు కొత్త రికార్డులు చేరాయనుకోండి. కొత్తవాటిలో అతి పాత తేదీ ఎక్కడ పడుతుందో అక్కణ్నుంచే కదలిక, అంతకు ముందున్నవన్నీ అలాగే ఉండిపోతాయి.

ఎక్సెల్ షీట్‌లో

ప్రోగ్రాంలు రాయనివాళ్లు కూడా దీన్ని చేసి చూడవచ్చు. సంఖ్యలను A1 నుంచి A10 దాకా పెట్టండి. B నిలువు వరుసలో పైనుంచి ఇప్పటివరకు అతి పెద్దది, C నిలువు వరుసలో ఇక్కణ్నుంచి కిందివరకు అతి చిన్నది రావాలి. ఆ రెండూ వేరైతే D చెబుతుంది. మొదటి అడ్డు వరుసలో ఇవి రాసి కిందికి లాగితే సరి:

```
B1: =MAX(A$1:A1)
C1: =MIN(A1:A$10)
D1: =B1<>C1
```

B ఎప్పుడూ A కంటే తక్కువ కాదు, C ఎప్పుడూ A కంటే ఎక్కువ కాదు. రెండూ సమానమయ్యాయంటే ఆ సంఖ్యకు ముందు పెద్దదీ లేదు, తర్వాత చిన్నదీ లేదు, అది ఏ తిరగబడ్డ జతలోనూ లేదు. మన కట్టకు B, C ఇలా వస్తాయి:

```
A    B    C
103  103  103
107  107  107
112  112  112
119  119  116
125  125  116
131  131  116
116  131  116
128  131  128
140  140  140
145  145  145
```

నాలుగు నుంచి ఎనిమిది దాకా D లో TRUE పడుతుంది. మొదటి TRUE నుంచి చివరి TRUE దాకా ఉన్నదే ముక్క. ముక్క మధ్యలో FALSE రావచ్చు కూడా. 2, 1, 3, 5, 4 అనే జాబితాలో 3 ఎవరితోనూ తగాదాలో లేదు, అయినా ముక్క మధ్యలో చిక్కుకుంది. వేల అడ్డు వరుసలున్న షీటుకు పై సూత్రాలు బరువవుతాయి. ప్రతి గడిలోనూ మొదటినుంచీ పెద్దది వెతకాలి కదా. అప్పుడు B2లో `=MAX(B1,A2)` అని పై గడి ఫలితాన్నే వాడుకోవాలి. C నిలువు వరుసను చివరినుంచి మొదలుపెట్టి, C9లో `=MIN(C10,A9)` రాసి పైకి లాగాలి. రెండు నడకలంటే ఇవే.

ఈ కొలత చెప్పనిది

ముక్క పొడవు చూసి జాబితా ఎంత చెడిపోయిందో అంచనా వేయాలనుకుంటే మోసపోతాం. ఇంకో కట్ట చూడండి:

107, 112, 116, 119, 125, 128, 131, 140, 145, 103

తొమ్మిది పత్రాలు చక్కగా ఉన్నాయి. మొదట ఉండాల్సిన 103 ఒక్కటే చివరికొచ్చింది. దాన్ని తీసి పైన పెడితే అయిపోయేది. కానీ 103 మిగతా తొమ్మిదింటితోనూ తిరగబడ్డ జతే. అందుకని అతి చిన్న ముక్క మొత్తం పది పత్రాలు. దూరంగా వెళ్లిపోయిన ఒక్క పత్రం కట్టనంతా ముక్కలోకి లాగేసింది. మన మొదటి కట్టలో ముక్క ఐదు పత్రాలే అయినా, ఒక్కొక్కటి తీసి సరైన చోట పెట్టే లెక్కన రెండు కదపాలి, 116నూ 131నూ. ఇక్కడ ముక్క పదైనా కదపాల్సింది ఒకటే. తప్పు ఎంత దూరం పాకిందో ముక్క పొడవు చెబుతుంది, తప్పు ఎంత ఉందో చెప్పదు. ఎన్ని పత్రాలు కదపాలో తెలియాలంటే వేరే లెక్క కట్టాలి. కట్టలో మధ్య మధ్య కొన్నింటిని వదిలేస్తూ పెరుగుతూ పోయే అతి పొడవైన వరుసను కనుక్కుని, దాన్ని మొత్తంలోంచి తీసేయాలి.

ఒకే ముక్క తీయాలన్న షరతు కూడా కొన్నిసార్లు పనిని పెంచుతుంది:

107, 103, 112, 116, 119, 125, 128, 131, 145, 140

ఇక్కడ మొదటి రెండూ తారుమారయ్యాయి, చివరి రెండూ తారుమారయ్యాయి. ఒకే ముక్క అంటే మళ్లీ పది పత్రాలూ తీయాల్సిందే. రెండు ముక్కలకు అనుమతి ఉంటే నాలుగు పత్రాలతో సరిపోతుంది. అలా ఎక్కడెక్కడ విడగొట్టవచ్చో కూడా మన B, C నిలువు వరుసలే చెబుతాయి. రెండు పత్రాల మధ్య సందు దగ్గర ఆగి, పై పత్రం ఎదురుగా ఉన్న B విలువనూ కింది పత్రం ఎదురుగా ఉన్న C విలువనూ పోల్చాలి. B పెద్దది కాకపోతే, పైనున్నవాటిలో అతి పెద్దది కూడా కిందనున్నవాటిలో అతి చిన్నదాన్ని మించలేదన్నమాట. ఆ సందుకు అటూ ఇటూ తిరగబడ్డ జత ఒక్కటీ లేదు. అక్కడ కట్టను నిశ్చింతగా విడదీసి, రెండు భాగాలనూ విడివిడిగా సర్దుకోవచ్చు. ఈ కట్టలో 107, 103 మధ్య సందు దగ్గర B 107, C 103, కాబట్టి విడదీయకూడదు. 103, 112 మధ్య B 107, C 112, విడదీయవచ్చు. అక్కణ్నుంచి 145 దాకా ప్రతి సందూ విడదీయదగ్గదే. 145, 140 మధ్య మాత్రం B 145, C 140, మళ్లీ కలిపే ఉంచాలి. మన మొదటి కట్టలో 119 నుంచి 128 దాకా ఉన్న నాలుగు సందుల్లోనూ ఇలా విడదీసే వీలు ఒక్కటీ దొరకదు. ఆ ఐదు పత్రాలను ఎన్ని ముక్కలకు అనుమతి ఇచ్చినా కలిపే తీయాలి.